అంగుళాల డ్రాయింగ్‌ని మి.మీ.లోకి మార్చాను, బేరింగ్ లూజ్ అయింది: పాయింటు తర్వాత ఎన్ని అంకెలు ఉంచాలి?

కిరణ్_డ్రాఫ్టింగ్
అందరికీ నమస్కారం. ఒక పాత హౌసింగ్ డ్రాయింగ్ మొత్తం అంగుళాల్లో ఉంటే దాన్ని మి.మీ.లోకి మార్చే పని నాకిచ్చారు. అందులో 6202 బేరింగ్ కూర్చునే బోరు ఒకటి ఉంది. డ్రాయింగ్‌లో దాని కొలత 1.3770 నుంచి 1.3775 అంగుళాలు. నేను రెండింటినీ 25.4తో గుణించి, డ్రాయింగ్ అంతటా ఒకే తీరుగా ఉండాలని పాయింటు తర్వాత రెండు అంకెలకు సవరించాను. 34.98 నుంచి 34.99 వచ్చింది.

40 పీసులు చేశారు. ఇన్‌స్పెక్షన్‌లో ఒక్కటి కూడా రిజెక్ట్ కాలేదు. అసెంబ్లీలో మాత్రం 37 బేరింగులు ప్రెస్ పెడితేనే దిగాయి, 3 బొటనవేలితో నొక్కగానే దిగిపోయాయి. వాటిలో ఒకదాన్ని కాసేపు నడిపి విప్పితే బేరింగ్ బయటి రింగు బోరులో తిరిగిన గీతలు కనిపించాయి. 25.4 అనేది ఖచ్చితమైన అంకె కదా, గుణకారం రెండుసార్లు సరిచూశాను. నిన్నటి నుంచి ఒకటే టెన్షన్. తప్పు ఎక్కడ జరిగింది?

ఇమ్రాన్_సీఎన్‌సీ
బ్రదర్, అసలు మార్చడం ఎందుకు? ప్రోగ్రాం మొదట్లో `G20` పెడితే మెషీన్ అంగుళాల్లోనే తీసుకుంటుంది. డ్రాయింగ్‌లో ఉన్న అంకెలు ఉన్నట్టే కొట్టేయొచ్చు. మేం అలాగే చేస్తాం, ఇంతవరకు ఏ ఇబ్బందీ రాలేదు.

కిరణ్_డ్రాఫ్టింగ్
ఇమ్రాన్ గారూ, నా ప్రశ్న ప్రోగ్రాం గురించి కాదండి. మా దగ్గర గేజులు, మైక్రోమీటర్లు అన్నీ మి.మీ.వే. ఇన్‌స్పెక్షన్ వాళ్లు చూసేది మి.మీ. డ్రాయింగే. మెషీన్ అంగుళాల్లో కోసినా కొలిచే మనిషి చేతికి మి.మీ. కాగితమే వెళ్తుంది.

వెంకట్_టూల్‌రూం
ఇది చాలా సులువు తమ్ముడూ. అంగుళంలో పాయింటు తర్వాత ఎన్ని అంకెలుంటే మి.మీ.లో దానికంటే ఒకటి తక్కువ ఉంచాలి. అంగుళంలో మూడుంటే ఇక్కడ రెండు, అక్కడ నాలుగుంటే ఇక్కడ మూడు. నువ్వు నాలుగు ఉన్నదాన్ని రెండుకు తెచ్చావు, అక్కడే పోయింది. 34.976 నుంచి 34.989 అని రాయాల్సింది. ఇరవై ఏళ్లుగా ఇదే లెక్క వాడుతున్నాం.

సుభద్ర_మెట్రాలజీ
వెంకట్ గారి లెక్కతో చాలాసార్లు సరైన జవాబే వస్తుంది, కానీ అది చూడాల్సిన చోట చూడదు. ఎన్ని అంకెలు ఉంచాలో తేల్చేది టాలరెన్స్. కొలత వెనక డ్రాయింగ్‌లో ఎన్ని అంకెలు రాశారన్నది కాదు. ముందు కిరణ్ గారి బోరు సంగతి చూద్దాం.

1.3770 × 25.4 = 34.9758
1.3775 × 25.4 = 34.9885

సవరించకముందు అసలు హద్దులివి. మొత్తం టాలరెన్స్ 0.0005 అంగుళం, అంటే 0.0127 మి.మీ. మన భాషలో పన్నెండున్నర మైక్రాన్ల పైచిలుకు. రెండు అంకెలకు సవరించడమంటే 10 మైక్రాన్ల మెట్ల మీద నిలబడటం. ఇల్లే పన్నెండున్నర అడుగులుంటే పదడుగుల కర్రతో గోడలు ఎక్కడ కట్టాలో గుర్తుపెట్టినట్టు.

ఏం జరిగిందో గమనించండి. కింది హద్దు 34.9758 నుంచి 34.98కి ఎక్కింది, అంటే 4.2 మైక్రాన్లు లోపలికి వచ్చింది. పై హద్దు 34.9885 నుంచి 34.99కి ఎక్కింది, అంటే 1.5 మైక్రాన్లు బయటికి పోయింది. మొత్తం టాలరెన్స్ 12.7 నుంచి 10కి తగ్గింది కాబట్టి చూసేవాళ్లకు డ్రాయింగ్ ఇంకా బిగించారనే అనిపిస్తుంది. నిజానికి చిన్నదైన ఆ పట్టీ మొత్తంగా లూజ్ వైపు జరిగింది. వెడల్పు ఒక్కటే సరిచూస్తే ఈ తప్పు దొరకదు. రెండు చివరలనూ విడివిడిగా అసలు హద్దులతో పోల్చాలి.

ఇక ఆ 1.5 మైక్రాన్లకు అంత విలువ ఎందుకంటే, 6202 బయటి కొలత 35 మి.మీ. మామూలు క్లాస్ బేరింగ్‌కు ఆ కొలత 35.000 నుంచి 34.989 వరకు ఉండొచ్చు. అన్నిటికంటే చిన్న బేరింగ్ 34.989, అంగుళాల డ్రాయింగ్ ఒప్పుకునే అన్నిటికంటే పెద్ద బోరు 34.9885. అక్కడ కూడా అర మైక్రాను బిగువు మిగులుతుంది. అది గీసినవాళ్లు ఎంత చెడ్డ జత పడినా లూజ్ కాకూడదని లెక్కగట్టి ఆ 1.3775 పెట్టారని నాకు అనిపిస్తోంది. మీ 34.99తో ఆ అర మైక్రాను బిగువు ఒక మైక్రాను లూజ్‌గా మారింది.

కిరణ్_డ్రాఫ్టింగ్
చాలా థాంక్స్ మేడమ్, పట్టీ జరిగిపోయిందన్న విషయం నాకు తట్టనే లేదు. కానీ ఒక మైక్రాను లూజ్‌కే బొటనవేలితో దిగిపోతుందా? పైగా అన్నిటికంటే చిన్న బేరింగూ అన్నిటికంటే పెద్ద బోరూ ఒకేచోట కలవాలి కదా. 40లో 3 అంటే మరీ ఎక్కువ అనిపిస్తోంది.

రాజు_క్యూసీ
కిరణ్ గారూ, ఆ 40 పీసులను దేంతో కొలిచారు? ఆ మైక్రోమీటర్‌పై చిన్న గీత విలువ ఎంత?

కిరణ్_డ్రాఫ్టింగ్
కనుక్కొని చెబుతున్నాను. టెలిస్కోపిక్ గేజ్ బోరులో పెట్టి తీసి, దాన్ని బయట మైక్రోమీటర్‌తో కొలిచారట. మైక్రోమీటర్ 0.01ది.

రాజు_క్యూసీ
అనుకున్నాను. ఇన్‌స్పెక్షన్‌లో నేను రోజూ చూసేదే ఇది. డ్రాయింగ్‌లో 34.99 అని ఉంటే దానర్థం 34.990000, ఆ తర్వాత ఒక్క మైక్రాను కూడా కుదరదు. రాసినవాడి ఉద్దేశం అదే, స్టాండర్డ్ చెప్పేదీ అదే. కానీ 0.01 గీతల మైక్రోమీటర్ పట్టుకున్న మనిషికి 34.993 కూడా 34.99 గీత దగ్గరే కనిపిస్తుంది. ఆయన నిజాయతీగానే 34.99 అని రాసి ఓకే కొడతాడు. రెండు అంకెలు చూడగానే దీనికి 0.01 మైక్రోమీటర్ చాలనుకోవడం సహజం. మీరు మూడు అంకెలు రాసి ఉంటే ఆయన ఆ మైక్రోమీటర్ పక్కన పెట్టి డయల్ బోర్ గేజ్ అడిగేవాడు. ఎన్ని అంకెలు రాస్తామన్నదాన్ని బట్టే ఏ గేజ్ బయటికి తీస్తారన్నది ఉంటుంది.

ఆ మూడు హౌసింగులను 35 మి.మీ. రింగ్ గేజ్‌తో సెట్ చేసిన బోర్ గేజ్ పెట్టి కొలవండి. బేరింగులను కూడా కొలవండి. గంటసేపు ఒకే గదిలో ఉంచిన తర్వాతే కొలవండి. ఇప్పుడే మెషీన్ నుంచి దిగిన పీసు అబద్ధం చెబుతుంది.

నాగమణి_జిగ్స్
మధ్యలో నాదొక సంగతి, దీనికి సంబంధం ఉందో లేదో మీరే చెప్పండి. ఒక డ్రిల్ జిగ్ డ్రాయింగ్‌లో 13 రంధ్రాలు వరసగా ఉన్నాయి, ఒకదానికీ ఇంకోదానికీ మధ్య 0.3125 అంగుళం. మి.మీ.లో 7.9375. మా వాళ్లు దాన్ని 7.94 చేసి రంధ్రం నుంచి రంధ్రానికి గొలుసులా కొలతలు పెట్టారు. ఒక్కోచోట తేడా రెండున్నర మైక్రాన్లే కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. చివరి రంధ్రం దగ్గర మాత్రం పిన్ను దిగలేదు.

సుభద్ర_మెట్రాలజీ
సంబంధం ఉందండి. 12 ఖాళీలు కాబట్టి అసలు దూరం 3.75 అంగుళాలు, అంటే సరిగ్గా 95.25. మీ 7.94ను 12తో గుణిస్తే 95.28. 0.03 మి.మీ. తేడా ఒక్కో సవరింపులో కొంచెం కొంచెంగా పోగుపడింది, ఎందుకంటే ప్రతిసారీ ఒకే దిక్కుకు సవరించారు. గొలుసు కొలతలుంటే ముందు అంగుళాల్లోనే మొదటి రంధ్రం నుంచి ప్రతి రంధ్రానికీ దూరం కూడుకోండి, ఆ తర్వాతే ఒక్కోదాన్ని మార్చి సవరించండి. అప్పుడు ఏ రంధ్రం దగ్గరా సగం మెట్టు కంటే ఎక్కువ తేడా రాదు.

వెంకట్_టూల్‌రూం
సుభద్ర గారూ, మీరన్నది ఒప్పుకుంటాను కానీ ఒక్క సందేహం. నా లెక్క ప్రకారం మూడు అంకెలు, మీ లెక్క ప్రకారం కూడా ఈ బోరుకు మూడు అంకెలే వస్తాయి కదా. మరి నా లెక్క ఎక్కడ దెబ్బతింటుందో చెప్పండి.

సుభద్ర_మెట్రాలజీ
రెండు చోట్ల దెబ్బతింటుంది వెంకట్ గారూ.

ఒకటి, భిన్నాల నుంచి వచ్చిన కొలతలు. 9/16 అంగుళం, ప్లస్ ఆర్ మైనస్ 1/64 అనుకోండి. దశాంశాల్లో రాస్తే అది 0.5625. పాయింటు తర్వాత నాలుగు అంకెలున్నాయి కాబట్టి మీ లెక్కలో మూడు ఉంచి 14.288 అని రాస్తాం. ఆ నాలుగు అంకెలు వచ్చింది 16తో భాగించడం వల్ల, కొలతకు అంత ఖచ్చితత్వం కావాలని కాదు. దాని హద్దులు మార్చితే 13.8906, 14.6844 వస్తాయి. మధ్య దూరం దాదాపు 0.8 మి.మీ. అక్కడ 13.89, 14.68 అని రాస్తే సరిపోతుంది. 14.288 అని కనిపిస్తే మెషీన్ దగ్గర మనిషి వెర్నియర్‌తో అయ్యే పనికి మైక్రోమీటర్ తెచ్చి కుస్తీ పడతాడు.

రెండోది మీరు పైన రాసిన జవాబులోనే ఉంది. మీరు పై హద్దు 34.989 అన్నారు. అసలు హద్దు 34.9885, సరిగ్గా సగంలో ఉంది. దగ్గరి అంకెకు సవరిస్తే పైకి పోయి అర మైక్రాను దాటేసింది. చిన్న బేరింగ్ కూడా 34.989. బిగువు సున్నా. అంకెల సంఖ్య సరైనదే, సవరించిన దిక్కు సరికాలేదు.

వెంకట్_టూల్‌రూం
రెండోది నిజమే, నేను చూసుకోలేదు. భిన్నాల దగ్గర మేం ఎలాగూ వేరేగా చేస్తాం, కానీ కొత్తవాళ్లకు నా లెక్క చెబితే అక్కడ పొరపాటు పడతారు. ఒప్పుకుంటున్నాను.

కిరణ్_డ్రాఫ్టింగ్
మేడమ్, మరి టాలరెన్స్‌ని బట్టి మెట్టు ఎంత ఉండాలో ఎలా తేల్చుకోవాలి? దానికేమైనా పట్టిక ఉందా?

సుభద్ర_మెట్రాలజీ
ఉంది, గుర్తుంచుకోవడం కూడా తేలికే. మొత్తం టాలరెన్స్ చూడాలి. ప్లస్ ఆర్ మైనస్ 0.005 అని ఉంటే మొత్తం 0.010 అన్నమాట, చాలామంది ఇక్కడ సగమే తీసుకుని తప్పుతారు. ఆ మొత్తం 0.01 అంగుళం నుంచి 0.1 లోపు ఉంటే మి.మీ.లో 0.01 వరకు ఉంచాలి. 0.001 నుంచి 0.01 లోపు ఉంటే 0.001 వరకు. 0.0001 నుంచి 0.001 లోపు ఉంటే 0.0001 వరకు. అంగుళాల టాలరెన్స్‌లో మొదటి అంకె ఏ స్థానంలో పడితే మి.మీ.లోనూ అదే స్థానం వరకు రాయాలి. ఇలా చేస్తే దగ్గరి అంకెకు సవరించినా ఏ హద్దూ టాలరెన్స్‌లో 2 శాతం కంటే ఎక్కువ జరగదు. 0.001 అంగుళం అంటే 0.0254 మి.మీ., అందులో సగం మెట్టు 0.0005. భాగించి చూసుకోండి, ఆ 2 శాతం ఎక్కడిదో తెలుస్తుంది.

మీ బోరు టాలరెన్స్ 0.0005 కాబట్టి పట్టిక ప్రకారం నాలుగు అంకెలు ఉంచాలి. అంటే 34.9758, 34.9885.

రాజు_క్యూసీ
నాలుగు అంకెలా మేడమ్? మైక్రానులో పదో వంతు ఏ షాపులో కొలుస్తారు? నాకు అలాంటి డ్రాయింగ్ వస్తే గేజ్ మీద మూడు అంకెలే కనిపిస్తాయి, నాలుగోదాన్ని ఎవరో ఒకరు తమకు తోచిన వైపు సవరిస్తారు. కిరణ్ గారు చేసిన తప్పే ఈసారి షాపు ఫ్లోర్ మీద జరుగుతుంది.

సుభద్ర_మెట్రాలజీ
మీ మాటతో ఏకీభవిస్తాను రాజు గారూ. నేనైతే ఇలాంటి చోట మూడు అంకెలకే ఆపి, రెండు హద్దులనూ లోపలికే సవరిస్తాను. కింది హద్దును పైకి, పై హద్దును కిందికి. అంగుళాల నుంచి మి.మీ.లోకి మార్చడం గురించిన ISO 370లో ఈ రెండు దారులూ ఉన్నాయి. A పద్ధతిలో దగ్గరి అంకెకు సవరిస్తారు, B పద్ధతిలో అసలు హద్దు దాటకుండా లోపలికి సవరిస్తారు. ఫిట్ ఉన్న చోట, వేరేవాళ్లు చేసిన పీసుతో జత కలవాల్సిన చోట నేను B వాడతాను. మీ బోరుకు 34.976 నుంచి 34.988 వస్తుంది. 12.7 మైక్రాన్లలో 0.7 మాత్రమే పోయింది.

స్ప్రెడ్‌షీట్‌లో ఇలా పెట్టుకోవచ్చు. A2లో కింది హద్దు, B2లో పై హద్దు అంగుళాల్లో ఉన్నాయనుకుంటే:

```
=ROUNDUP(ROUND(A2*25.4,6),3)
=ROUNDDOWN(ROUND(B2*25.4,6),3)
```

లోపలి ROUND ఎందుకంటే కంప్యూటర్ గుణకారంలో ఎక్కడో పదిహేనో స్థానంలో చిన్న తోక మిగిలితే, 31.75 లాంటి చక్కటి అంకె కూడా ROUNDUPలో 31.751 అయిపోవచ్చు.

వెంకట్_టూల్‌రూం
లోపలికి సవరించడం అన్నిచోట్లా మంచిది కాదని నా అభిప్రాయం. మాకు మొత్తం టాలరెన్స్ 0.0002 అంగుళం ఉన్న పిన్నులొస్తాయి, అంటే 5 మైక్రాన్లు. అక్కడ మూడు అంకెలకు లోపలికి సవరిస్తే ఒక్కో చివర దాదాపు మైక్రాను పోవచ్చు. ఐదులో రెండు పోతే గ్రైండింగ్ వాడి ప్రాణం పోయినట్టే. మంచి పీసులు రిజెక్ట్ అవుతాయి.

సుభద్ర_మెట్రాలజీ
ఆ పిన్నుల దగ్గర నాలుగు అంకెలు రాయాల్సిందేనండి, ఇంకో దారి లేదు. 5 మైక్రాన్ల పనికి మైక్రానులో పదో వంతు చదివే కంపారేటర్ ఎలాగూ ఉండాలి, ఉంటే నాలుగో అంకె అడ్డం కాదు. అది లేకపోతే అక్కడ సమస్య సవరింపు కాదు.

రాజు_క్యూసీ
ఇక్కడ నేను వెంకట్ గారి వైపే. A పద్ధతికి కస్టమర్ ఒప్పుకుంటే అర మైక్రాను బయటికి పోవడం వల్ల పెద్దగా నష్టం లేదు. మా గేజ్ తప్పే అంతకంటే ఎక్కువ. హద్దు కాగితం మీద అర మైక్రాను అటో ఇటో ఉందని పోట్లాడేకంటే గేజ్ అనిశ్చితిని హద్దులోంచి తీసేయడం మేలు.

సుభద్ర_మెట్రాలజీ
గేజ్ తప్పు ఉందని డ్రాయింగ్‌లో తప్పు పెట్టకూడదనేది నా పట్టుదల. రెండూ కలిసే రోజు ఒకటి వస్తుంది. కానీ ఇందులో మీ దారిలో నడిచే అనుభవజ్ఞులు చాలామందే ఉన్నారని ఒప్పుకుంటాను.

శ్రీనివాస్_పాతడ్రాయింగులు
ఆ డ్రాయింగ్ ఏ ఏడాదిది కిరణ్ గారూ? 1959కి ముందు అమెరికా అంగుళం వేరుగా ఉండేది, 25.4 కాదు. తేడా అక్కడి నుంచి కూడా వచ్చి ఉండొచ్చు.

సుభద్ర_మెట్రాలజీ
చరిత్ర సరైనదే. అప్పట్లో అమెరికాలో మీటరుకు 39.37 అంగుళాలు అని లెక్క, అంటే అంగుళం 25.40005. 1959లో సరిగ్గా 25.4 అని ఖాయం చేశారు. కానీ 35 మి.మీ. మీద ఆ తేడా 0.00007 మి.మీ., మైక్రానులో పదో వంతు కూడా లేదు. భూమి సర్వేలో వందల మైళ్ల మీద లెక్కకొస్తుంది, బోరులో రాదు.

ఇమ్రాన్_సీఎన్‌సీ
నేను మొదట ప్రశ్న సరిగ్గా చదవలేదు, క్షమించండి. ఇప్పుడు నాదీ ఒక సందేహం. మా కంట్రోల్ `G20`లో 0.0001 అంగుళం వరకే తీసుకుంటుంది, అంటే 2.54 మైక్రాన్లు. `G21`లో ఒక మైక్రాను. బోరు ఆఫ్‌సెట్ సరిచేసేటప్పుడు మి.మీ.లో ఉంటేనే సన్నగా జరపగలం అన్నమాట. ఇంతకాలం ఇది గమనించలేదు.

రాజు_క్యూసీ
అవును ఇమ్రాన్ గారూ. 12.7 మైక్రాన్ల పట్టీలో రెండున్నర మైక్రాన్ల మెట్లంటే ఐదు అడుగులే.

నాగమణి_జిగ్స్
ఒక్క మాట అడుగుతాను. అదే డ్రాయింగ్‌లో 1/4-20 మరలుంటే వాటిని కూడా మార్చాలా? మా దగ్గర ఒకరు 6.35 అని రాశారు, కొనేవాళ్లు M6 బోల్టులు తెచ్చారు.

వెంకట్_టూల్‌రూం
మరను ముట్టుకోవద్దు తల్లీ. 1/4-20 UNC అని ఉన్నట్టే ఉంచండి. అది పేరు, కొలత కాదు. ట్యాప్ మీద కూడా అదే పేరు ఉంటుంది.

కిరణ్_డ్రాఫ్టింగ్
రాజు గారు చెప్పినట్టే హౌసింగులూ బేరింగులూ రాత్రంతా ఒకే గదిలో ఉంచి ఈ రోజు బోర్ గేజ్‌తో కొలిచాం. మూడు లూజ్ హౌసింగులు 34.993, 34.992, 34.994. వాటిలోకి వెళ్లిన బేరింగులు 34.991, 34.992, 34.992. అంటే ఒకటి సమానం, రెండు లూజ్. మిగతా 37లో బేరింగ్ విప్పకుండా, అది కూర్చున్న చోటు దాటి మిగిలిన బోరు భాగంలో కొలిస్తే 11 బోర్లు 34.9885 దాటాయి, వాటిలో 6 నా 34.99నీ దాటాయి. వాటికి పెద్ద బేరింగులు పడ్డాయి కాబట్టి ప్రెస్‌తో దిగాయి, అంతే. నేను హద్దు 1.5 మైక్రాన్లు జరిపాను, 0.01 మైక్రోమీటర్ ఇంకో రెండు నుంచి నాలుగు మైక్రాన్లు కలిపింది.

డ్రాయింగ్ మార్చాను. బోరు 34.976 నుంచి 34.988, పక్కన అంగుళాల హద్దులు కూడా ఉంచి, తేడా వస్తే అంగుళాలదే చెల్లుతుందని నోట్ పెట్టాను. మిగతా కొలతలన్నిటినీ టాలరెన్స్ చూసి మళ్లీ మొదటి నుంచి చేస్తున్నాను. ఇంకో చోట కూడా ఇలాంటిదే దొరికింది. 0.500 అని ఉన్నదాన్ని నేను 12.7 అని రాశాను. టైటిల్ బ్లాకులో ఒక అంకె కొలతలకు టాలరెన్స్ వేరే కాబట్టి అది ప్లస్ ఆర్ మైనస్ 0.005 అంగుళం నుంచి ప్లస్ ఆర్ మైనస్ 0.5 మి.మీ.కి పోయింది. దాన్ని హద్దులుగా రాశాను, 12.57 నుంచి 12.83.

లూజ్ అయిన మూడింటినీ, హద్దు దాటిన 11నూ పక్కన పెట్టాం. వాటికి రిటైనింగ్ కాంపౌండ్ పెట్టి వాడొచ్చా, బోరు పెంచి స్లీవ్ వేయాలా అనేది డిజైన్ వాళ్లను అడిగాను. ఇంకా జవాబు రాలేదు.

రాజు_క్యూసీ
కాంపౌండ్ సంగతి తేలేవరకు ఆ 11 బేరింగులను విప్పకండి. ప్రెస్‌తో దిగిన బేరింగును ఒకసారి లాగితే బోరు గీసుకుపోతుంది, ఆ తర్వాత మీరు కొలిచేది మొదటి బోరు కాదు.